విదేశంలో చదువుకుంటూ ఇండియా సబ్‌స్క్రిప్షన్లు ఆపడం ఎలా: ఆటోపే, కార్డు, టైమ్ తేడా

డాలస్‌లో నా మొదటి నవంబరు అది. ఇండియాలో ఉన్నప్పుడు తీసుకున్న ఒక ఓటీటీ సంవత్సర ప్లాన్ 5వ తేదీన రెన్యూ అవుతుందని యాప్‌లో కనిపించింది. 4వ తేదీ రాత్రి అసైన్‌మెంట్ అయ్యాక ఆపేద్దామనుకున్నాను. సాయంత్రం 6:40కే బ్యాంకు నుంచి ఈమెయిల్ వచ్చింది, 1,499 రూపాయలు కట్ అయ్యాయని. అప్పటికి ఇండియాలో 5వ తేదీ ఉదయం 6:10. కస్టమర్ కేర్‌కు రాస్తే, గడువు దాటాక రీఫండ్ ఇవ్వమని సమాధానం వచ్చింది. చదువు కోసం వచ్చే పిల్లలకు అప్పటినుంచి ఈ పని దగ్గరుండి చేయిస్తున్నాను. అందరూ దాదాపు ఒకేచోట ఇరుక్కుంటారు. యాప్ తీసేస్తారు, కార్డు తీసేస్తారు, ఖాతాలో డబ్బు లేకుండా ఉంచుతారు. డబ్బు తీసుకోవచ్చని కంపెనీకి ఇచ్చిన అనుమతి మాత్రం బ్యాంకులో అలాగే ఉండిపోతుంది.

ఇక్కడ చెప్పేదంతా అమెరికా సెంట్రల్ టైమ్‌లో ఉన్న విద్యార్థి లెక్కన రాశాను. మీరు లండన్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటే గంటలు మారతాయి, పని అదే.

ముందు సిమ్ సంగతి

ఇండియా నంబరు పనిచేస్తున్నంతవరకే ఈ పనులన్నీ తేలిక. బ్యాంకు ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. యూపీఐ యాప్ కొత్త ఫోన్‌లో పెట్టుకోవాలంటే ఆ సిమ్ ఆ ఫోన్‌లోనే ఉండాలి, ఎందుకంటే అది సిమ్ నుంచి ఒక ఎస్ఎంఎస్ పంపి నంబరును సరిచూసుకుంటుంది. అమ్మానాన్నల దగ్గర సిమ్ వదిలి వచ్చి, ఇక్కడ కొత్త ఫోన్ కొన్నవాళ్లు ఈ మెట్టు దగ్గరే ఆగిపోతారు.

కాబట్టి ఇంకా బయల్దేరనివాళ్లు ఆ నంబరును ఈసిమ్‌గా మార్చుకుని, ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకుని రండి. ఇప్పటికే వచ్చేసినవాళ్లు ఎవరైనా ఇండియా నుంచి వస్తుంటే సిమ్ తెప్పించుకోండి. ప్రీపెయిడ్ నంబరును వరుసగా 90 రోజులు ఏ రకంగానూ వాడకపోతే కంపెనీ దాన్ని తీసేసుకోవచ్చు. బ్యాలెన్స్‌లో 20 రూపాయలు ఉంటే అవి మినహాయించుకుని మరో 30 రోజులు ఉంచాలనేది ట్రాయ్ నిబంధన. ఆ గడువూ దాటితే కొంతకాలానికి మీ నంబరు ఇంకెవరికో వెళ్తుంది, మీ ఓటీపీలు కూడా వాళ్లకే వెళ్తాయి. అందుకే సిమ్‌ను చివరికి వదిలేయాలనుకున్నా, సబ్‌స్క్రిప్షన్లన్నీ తేలాకే వదలండి.

డబ్బు ఏ దారిలో వెళ్తోందో కనుక్కోవడం

గుర్తున్నవి కాగితం మీద రాసుకుంటే సరిపోదు. బ్యాంకు స్టేట్‌మెంట్ పన్నెండు నెలలది పీడీఎఫ్‌గా దించుకోండి. మూడు నెలలది చూస్తే సంవత్సర ప్లాన్లు కనబడవు, పెద్ద మొత్తాలు పోయేది వాటిలోనే. క్రెడిట్ కార్డు ఉంటే దాని స్టేట్‌మెంట్ కూడా తీయండి. పీడీఎఫ్‌లో `MANDATE`, `AUTOPAY`, `ACH`, `NACH`, `SI` అనే మాటలు ఒక్కొక్కటిగా వెతకండి. ఒక్కో బ్యాంకు ఒక్కోలా రాస్తుంది కాబట్టి, ప్రతి నెలా అదే మొత్తం కనిపించే వరుసలు కంటితో కూడా చూసుకోండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆగస్టులో విజయవాడ నుంచి డెంటన్ వచ్చిన ఒక అమ్మాయి స్టేట్‌మెంట్‌లో నాలుగు తేలాయి. ఓటీటీ సంవత్సర ప్లాన్ 1,499 రూపాయలు, యూపీఐ ఆటోపే మీద, నవంబరు 5న. పాటల యాప్ నెలకు 119, గూగుల్ ప్లే ద్వారా, 18న. డిజైన్ సాఫ్ట్‌వేర్ నెలకు 20 డాలర్లు, ఇండియా క్రెడిట్ కార్డు మీద, 27న. ఇంగ్లిష్ కోచింగ్ కోర్సు నెలకు 2,400, నాచ్ ద్వారా నేరుగా ఖాతా నుంచి, ప్రతి నెలా 5న. ఈ నాలుగూ నాలుగు దారులు. ఆపే చోటు ప్రతిదానికీ వేరు. దారి తెలియకుండా మొదలుపెడితే తలుపు ఒకటి మూసి ఇంకొకటి తెరిచి ఉంచినట్టే.

తేదీని ఇండియా టైమ్‌లోకి మార్చడం

యాప్‌లో కనిపించే రెన్యూవల్ తేదీని ఇండియా తేదీగానే తీసుకోండి. మన దేశంలో గడియారం ఏడాది పొడవునా ఒకటే. అమెరికాలో మాత్రం మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం ఒక గంట వెనక్కి జరుగుతుంది. అందువల్ల డాలస్‌కూ హైదరాబాద్‌కూ తేడా ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. న్యూయార్క్‌లో తొమ్మిదిన్నర, పదిన్నర. కాలిఫోర్నియాలో పన్నెండున్నర, పదమూడున్నర. బ్రిటన్‌లో నాలుగున్నర, ఐదున్నర.

నవంబరు 5 అంటే మన లెక్కలో అర్ధరాత్రి 12 నుంచి మొదలు. ఆ క్షణానికి డాలస్‌లో నవంబరు 4 మధ్యాహ్నం 12:30. అంటే మీరు మధ్యాహ్నం క్లాసులో ఉండగానే గడువు రోజు వచ్చేసింది. దీనికి తోడు, 2025 ఆగస్టు 1 నుంచి యూపీఐ ఆటోపే డబ్బులు రద్దీ లేని వేళల్లోనే కట్ చేయాలని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ నియమం పెట్టింది. ఆ వేళలు ఉదయం 10 లోపు, మధ్యాహ్నం 1 నుంచి 5 వరకు, రాత్రి 9:30 తర్వాత. ఉదయం 10 లోపు అంటే డాలస్‌లో చలికాలంలో ముందురోజు రాత్రి 10:30 లోపు. ఒకసారి ఫెయిలైతే ఇంకో మూడుసార్లు ప్రయత్నించే వీలు కూడా ఉంది. అందుకే డబ్బులేక ఫెయిలైన రోజున ఆగిపోయిందని ఊరుకోకండి.

యాపిల్ సబ్‌స్క్రిప్షన్ అయితే మరో రోజు ముందుకు జరగాలి. రెన్యూవల్‌కు కనీసం 24 గంటల ముందు ఆపాలని వాళ్ల నియమం. పై లెక్కలో అది నవంబరు 3 మధ్యాహ్నం 12:30.

నేను వాడే పద్ధతి ఇది. రెన్యూవల్ తేదీకి మూడు రోజుల ముందు తేదీని నా క్యాలెండర్‌లో పెడతాను, గంటల లెక్కతో పని లేకుండా. ఇంకా మేలైన పని ఏంటంటే, ఈ రోజే ఆపేయడం. చాలా సేవల్లో ముందే ఆపినా, కట్టిన కాలం పూర్తయ్యేవరకు వాడుకోవచ్చు. ఉచిత ట్రయల్ విషయంలో మాత్రం కొన్ని సేవలు ఆపిన వెంటనే మూసేస్తాయి, కాబట్టి ఆపే పేజీలో ఏ తేదీ వరకు నడుస్తుందో చదివి నొక్కండి.

మొదట సేవలో, తర్వాత బ్యాంకులో

ఈ వరుస తప్పకూడదు. సబ్‌స్క్రిప్షన్ అనేది మీకూ కంపెనీకీ మధ్య ఒప్పందం. మ్యాండేట్ అనేది ఆ కంపెనీ మీ ఖాతా నుంచి డబ్బు తీసుకోవచ్చని మీరు బ్యాంకుకు ఇచ్చిన అనుమతి. అనుమతి మాత్రమే రద్దు చేస్తే డబ్బు ఆగుతుంది, కానీ ఒప్పందం నడుస్తూనే ఉండవచ్చు. పోస్ట్‌పెయిడ్ బిల్లులు, ఇంటి బ్రాడ్‌బ్యాండ్ లాంటివాటిలో బాకీ అలా పేరుకుంటుంది. ఒప్పందం మాత్రమే ఆపితే అనుమతి ఖాతాలో మిగిలిపోతుంది, పొరపాటున ఎప్పుడైనా వాడతారు.

ఓటీటీ నుంచి మొదలుపెడదాం. కంపెనీ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి ఖాతా పేజీలో `Cancel` నొక్కాలి. యాప్‌లో ఆ బటన్ దొరకకపోతే బ్రౌజర్‌లో చూడండి. తగ్గింపు ఇస్తామని, ఒక నెల ఆపి ఉంచుతామని రెండుమూడు తెరలు వస్తాయి, వాటన్నిటినీ దాటి చివరి తెర దాకా వెళ్లండి. ఆగిపోయిందని రాసి ఉన్న తెరను తేదీ కనిపించేలా ఫొటో తీసుకోండి. ఈమెయిల్ వచ్చిందో లేదో చూడండి. ఈమెయిల్ రాలేదంటే చాలాసార్లు చివరి బటన్ నొక్కలేదని అర్థం.

తర్వాత యూపీఐ యాప్. అనుమతి ఏ యాప్‌లో ఇచ్చారో ఆ యాప్‌లోనే ముందు వెతకండి. మీ బొమ్మ మీద నొక్కితే వచ్చే పేజీలో ఆటోపే లేదా మ్యాండేట్స్ అనే చోట నడుస్తున్నవన్నీ కనిపిస్తాయి. అందులో ఓటీటీ పేరు తెరిచి `Revoke` లేదా `Cancel` నొక్కి యూపీఐ పిన్ ఇస్తే పని అయిపోతుంది. `Pause` నొక్కకండి, అది కొన్నాళ్లకు మళ్లీ మొదలవుతుంది. మ్యాండేట్ వివరాల్లో `UMN` అని ఒక పొడవాటి నంబరు ఉంటుంది, రద్దు చేసేముందు దాన్ని రాసిపెట్టుకోండి. తర్వాత ఫిర్యాదు చేయాల్సి వస్తే బ్యాంకువాళ్లు అడిగేది అదే.

సిమ్ దగ్గర లేక యూపీఐ యాప్ తెరవలేకపోతే, సేవలో ఆపడం మాత్రం ఎక్కడినుంచైనా చేయవచ్చు, దానికి సిమ్ అక్కర్లేదు. తర్వాత బ్యాంకు నెట్‌బ్యాంకింగ్‌లో యూపీఐ మ్యాండేట్ల చోటు ఉందేమో చూడండి, లేకపోతే బ్యాంకుకు మీ రిజిస్టర్డ్ ఈమెయిల్ నుంచి రాయండి. ఇంట్లో ఉన్న ఫోన్‌లో నాన్నగారి చేత చేయించాలంటే పిన్ చెప్పాల్సి వస్తుంది. ఆ పని చేయవద్దని గట్టిగా చెబుతాను. పిన్ మన మనసులోనే ఉండాలి, ఇంట్లోవాళ్లయినా సరే.

గూగుల్ ప్లే ద్వారా తీసుకున్న పాటల యాప్ ఇంకోలా ఉంటుంది. పాటల కంపెనీ సైట్‌లో వెతికితే ఆపే బటన్ దొరకదు, ఎందుకంటే బిల్లు వేసేది గూగుల్. `play.google.com/store/account/subscriptions` తెరిచి అక్కడ ఆపాలి. యాపిల్ ఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో పైన మీ పేరు నొక్కి, `Subscriptions` లోకి వెళ్లాలి. రెండు మూడు ఈమెయిల్ ఖాతాలు వాడేవాళ్లు ఏ ఖాతాతో కొన్నారో ముందు చూసుకోండి. ఈ అమ్మాయి ఇంటర్ రోజుల్లో పెట్టుకున్న జీమెయిల్‌తో కొంది, ఇప్పుడు వాడే ఖాతాలో ఎంత వెతికినా ఏమీ కనబడలేదు.

ఇక్కడ ఇంకో తొందర పడకండి. అమెరికా యాప్‌లు కావాలని స్టోర్ దేశాన్ని వెంటనే మార్చేస్తుంటారు. యాపిల్‌లో సబ్‌స్క్రిప్షన్లు ఆపి, వాటి కాలం పూర్తయి, ఖాతాలో బ్యాలెన్స్ సున్నా అయ్యాకే దేశం మార్చనిస్తారు. గూగుల్ ప్లేలో ఏడాదికి ఒక్కసారే మార్చుకోవచ్చు, పాత దేశపు బ్యాలెన్స్ కొత్త దేశంలో వాడలేరు. ముందు ఆపండి, ఉన్న బ్యాలెన్స్ ఖర్చుపెట్టండి, తర్వాతే దేశం మార్చండి.

ఇంట్లో అమ్మ చూసే ఓటీటీ అయితే ఆపనక్కర్లేదు. ఆ అమ్మాయి వాళ్ల అమ్మగారు రోజూ సీరియల్ చూసేది అందులోనే. అలాంటప్పుడు మీ మ్యాండేట్ రద్దు చేసి, నాన్నగారి యూపీఐతో కొత్తగా కట్టించండి. ఇంటికి ఫోన్ చేసి చెప్పకుండా ఆపేస్తే ఆ సాయంత్రం వాళ్లకు ఎంత వెలితిగా ఉంటుందో మనకు ఇక్కడినుంచి తెలియదు.

ఇండియా కార్డు మీద డాలర్ల బిల్లు

డిజైన్ సాఫ్ట్‌వేర్ 20 డాలర్లు కదా. డాలర్ 90 రూపాయలు అనుకుంటే 1,800. కార్డు బ్యాంకు విదేశీ కరెన్సీ ఛార్జీ 3.5 శాతం అనుకుంటే 63 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 11.34. మొత్తం 1,874. ఆ అమ్మాయి చేతిలో డాలర్లు ఉండగా, నాన్న పంపిన రూపాయల మీద నెలకు 74 అదనంగా కడుతోంది. సాఫ్ట్‌వేర్ కావాలంటే పాతది ఆపి ఇక్కడి కార్డుతో కొత్తగా తీసుకోవడమే నయం, విద్యార్థి ధర కూడా అడగవచ్చు.

దీనికి తిరకాసు కూడా ఉంది. ఇండియా కార్డు ఫెయిలవుతోందని రూపాయల సబ్‌స్క్రిప్షన్‌కు అమెరికా కార్డు పెట్టేవాళ్లున్నారు. చాలా ఇండియా సేవలు విదేశీ కార్డు తీసుకోవు. తీసుకున్నా కొన్ని కార్డులు 3 శాతం వరకు ఫీజు వేస్తాయి. అంతకంటే పెద్ద నష్టం, ఇండియా కార్డుకు ఉన్న రక్షణ పోతుంది. ఆ రక్షణ ఏంటో చెబుతాను.

2021 అక్టోబరు 1 నుంచి ఇండియా కార్డుల మీద ఆటోమేటిక్‌గా డబ్బు కట్ కావాలంటే ఆర్‌బీఐ నిబంధనలు పాటించాలి. కట్ చేయడానికి కనీసం 24 గంటల ముందు బ్యాంకు మీకు కబురు పంపాలి. ఆ కబురు చూసి ఆ ఒక్క బిల్లునో, మొత్తం మ్యాండేట్‌నో వద్దనే వీలు ఇవ్వాలి. చాలా చెల్లింపుల్లో 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ అడగాలి. విదేశీ కంపెనీల బిల్లులకు కూడా ఇదే నియమం. కానీ ఆ కబురు ఎస్ఎంఎస్‌గా ఇంట్లో అల్మారాలో ఉన్న సిమ్‌కు వెళ్తే ఏం లాభం? నెట్‌బ్యాంకింగ్‌లోకి వెళ్లి, కబుర్లు ఈమెయిల్‌కు కూడా వచ్చేలా పెట్టుకోండి. ఈ ఒక్క సెట్టింగ్ చాలా టెన్షన్ తగ్గిస్తుంది.

మ్యాండేట్ రద్దు చేసే చోటు నెట్‌బ్యాంకింగ్‌లో కార్డుల విభాగంలో ఈ-మ్యాండేట్ లేదా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ పేరుతో ఉంటుంది. ఎస్ఎంఎస్‌లో వచ్చిన లింకు నొక్కే బదులు బ్యాంకు చిరునామా మీరే టైప్ చేసి వెళ్లండి, అచ్చం ఇలాంటి దొంగ ఎస్ఎంఎస్‌లు తిరుగుతున్నాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీ సైట్‌లో ఆపేటప్పుడు ఇంకో సంగతి చూడండి: నెలనెలా కట్టినా అది సంవత్సర ఒప్పందమేమో. అలాంటివాటిలో మధ్యలో ఆపితే మిగిలిన నెలలకు రుసుము అడుగుతారు, ఆ మొత్తం ఆపే తెరమీదే కనిపిస్తుంది.

డాలర్ల బిల్లుకు రీఫండ్ వస్తే, వచ్చిన రోజు రేటుతో రూపాయలవుతుంది. అందుకని కట్టినంత రాకపోతే కంపెనీ మోసం చేసిందని అనుకోకండి.

సబ్‌స్క్రిప్షన్ అనుకున్నది అప్పు అయితే

కోచింగ్ కోర్సు నెలకు 2,400 అని చూసి ఆ అమ్మాయి దాన్ని కూడా నెల ఫీజు అనుకుంది. ఒప్పందం ఈమెయిల్ తెరిచి చూస్తే తొమ్మిది వాయిదాల లోన్. కోర్సు ఫీజు మొత్తం ఒక ఫైనాన్స్ కంపెనీ కోచింగ్‌వాళ్లకు ముందే కట్టేసింది, ఈ అమ్మాయి కడుతున్నది ఆ కంపెనీకి. ఇలాంటిది నాచ్ మ్యాండేట్ రద్దు చేసి తప్పించుకోవాలని చూస్తే వాయిదా బాకీ పడుతుంది, ఫైనాన్స్ కంపెనీ ఆలస్య రుసుము వేస్తుంది, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ఖాతాలో డబ్బు లేక రిటర్న్ అయితే బ్యాంకు కూడా ఛార్జీ వేస్తుంది. రేపు ఇండియాలో ఎడ్యుకేషన్ లోన్ టాప్‌అప్ కావాలన్నా, నాన్నగారు సహ రుణగ్రహీతగా ఉన్నా, ఇది ముందుకొస్తుంది.

గుర్తుపట్టడం ఎలా అంటే, స్టేట్‌మెంట్‌లో నాచ్ వరుస పక్కన కోచింగ్ పేరు కాకుండా ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటుంది. అలా ఉంటే ముందు కోచింగ్‌వాళ్లతో కోర్సు రద్దు, రీఫండ్ మాట్లాడాలి. వాళ్లు ఫైనాన్స్ కంపెనీకి డబ్బు తిరిగి ఇచ్చి, లోన్ మూసేసినట్టు కాగితం మీ చేతికి వచ్చాకే మ్యాండేట్ ఆపాలి. రద్దు కుదరకపోతే ఆ వాయిదాలకు సరిపడా డబ్బు ఖాతాలో ఉంచడమే మంచిది. ఈ అమ్మాయి విషయంలో కుదరలేదు. జులైలో మొదలైన లోన్ మార్చిలో ముగుస్తుంది, అప్పటిదాకా నెలనెలా 3వ తేదీకల్లా డబ్బు వేసేలా నాన్నగారితో అనుకున్నారు.

ఇంకో మాట. చదువు కోసం బయటికి వచ్చినవాళ్లను విదేశీ మారకపు చట్టం ఫెమా ప్రకారం ఎన్‌ఆర్‌ఐలుగానే చూస్తారు కాబట్టి, మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఐలకు ఉండే రూపాయల ఖాతా, అంటే ఎన్‌ఆర్‌ఓగా మార్చుకోవాలి. ఆ మార్పుకు ముందే సబ్‌స్క్రిప్షన్లు తేల్చుకోండి. మార్చాక మిగిలిన వాయిదాల మ్యాండేట్ పనిచేస్తోందో లేదో బ్యాంకును అడిగి తెలుసుకోండి.

ఫోన్ చేయాల్సి వస్తే

ఇండియాలో కస్టమర్ కేర్ ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు అనుకుంటే, డాలస్‌లో చలికాలంలో రాత్రి 10:30 నుంచి తెల్లవారి 6:30 వరకు. ఎండాకాలంలో ఒక గంట ఆలస్యంగా. రాత్రి 10:30కి లైన్ తెరవగానే చేయండి, అర్ధరాత్రి దాకా మేలుకోనక్కర్లేదు. శుక్రవారం రాత్రి చేస్తే అక్కడ శనివారం, సెలవు ఉండొచ్చు. ఆదివారం రాత్రి చేస్తే సోమవారం ఉదయం అవుతుంది. 1800 నంబర్లు ఇక్కడినుంచి సాధారణంగా కలవవు, బ్యాంకు సైట్‌లో విదేశాల్లో ఉన్నవాళ్లకోసం +91తో మొదలయ్యే నంబరు చూడండి. ఫోన్‌లో ఏం చెప్పినా, పెట్టేశాక అదే సంగతి ఈమెయిల్ రాయండి. తేదీ, గంట రెండూ ఇండియా టైమ్‌లో రాస్తే వాళ్ల రికార్డుతో సరిపోతాయి.

ఆపాక కూడా కట్ అయితే

ముందు కంపెనీకి, ఆపినప్పటి తెర ఫొటో జతచేసి రాయండి. ఆపడం కావాలని కష్టంగా పెట్టడాన్ని 2023 నవంబరులో కేంద్రం తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు తప్పుపట్టాయి. బటన్ దాచేసిన కంపెనీకి రాసేటప్పుడు ఆ మాట ఒక వాక్యంలో పెట్టండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ సైట్ `consumerhelpline.gov.in` లో కూడా ఫిర్యాదు పెట్టవచ్చు. మ్యాండేట్ రద్దయ్యాక కూడా బ్యాంకు డబ్బు ఇచ్చిందంటే అది బ్యాంకు సంగతి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో సమాధానం రాకపోతే లేదా వచ్చింది సరిగా లేకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు `cms.rbi.org.in` లో పెట్టండి. అన్నీ ఆన్‌లైన్‌లోనే, ఇక్కడినుంచే చేయవచ్చు.

ఆ అమ్మాయి ఓటీటీ మ్యాండేట్‌ను అక్టోబరు నెలాఖరులోనే రద్దు చేసింది, నవంబరు 5 ఉదయం ఇండియాలో ఏమీ కట్ కాలేదు. పాటల యాప్, సాఫ్ట్‌వేర్ వరుసలు నవంబరు స్టేట్‌మెంట్‌లోనూ డిసెంబరు స్టేట్‌మెంట్‌లోనూ లేవు. నేను రెండు నెలలూ చూడమన్నాను, ఎందుకంటే ఒక నెల తప్పి తర్వాతి నెల కట్ అయినవి చూశాను. ఇప్పుడు ఖాతాలో మిగిలింది 2,400 వాయిదా ఒక్కటే. మార్చి వాయిదా అయ్యాక లోన్ మూసిన కాగితం ఆ నంబరుకే ఓటీపీ పంపి ఇస్తారు కాబట్టి, సిమ్ రీఛార్జ్ ఏప్రిల్ దాకా వేయించుకుంది.